పోర్ట్‌ఫోలియో రీబ్యాలెన్సింగ్: ఎంత అమ్మాలి, ఎంత కొనాలి, రూపాయల్లో లెక్క

పోయిన ఆదివారం మణికొండలో అక్క వాళ్ళింట్లో భోజనాలయ్యాక బావ ఫోన్ నా చేతికిచ్చి, "ఈక్విటీ బాగా పెరిగింది, కొంచెం అమ్మేసి డెట్‌లో పెడదామనుకుంటున్నా, ఎంత అమ్మమంటావ్?" అని అడిగాడు. పక్కనుంచి అక్క, "అరవై ఉండాల్సింది అరవై మూడైంది కదా, మూడు శాతం అమ్మేస్తే సరిపోదా?" అంది. బావ ఒప్పుకోలేదు, వచ్చిన లాభం మొత్తం తీసేసి అసలు మాత్రం ఉంచుదామన్నాడు. ఇద్దరి లెక్కా తప్పే, పైగా ఇద్దరి జవాబులకీ మధ్య మూడున్నర లక్షలకు పైగా తేడా ఉంది. పెరిగి తరిగి మారిపోయిన వాటాల్ని మళ్ళీ మనం మొదట అనుకున్న టార్గెట్ శాతాలకి తేవడమే రీబ్యాలెన్సింగ్. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి దాన్ని షీట్‌లో చేసి చూపించాను, అదే ఇక్కడ మొదటినుంచి రాస్తున్నాను. మీ అంకెలు పెట్టుకుని పక్కనే చేసుకుంటూ చదవండి.

లెక్కలోకి ఏది వస్తుంది

మొదట తేల్చుకోవాల్సింది ఇదే, చాలామంది దీన్ని దాటేస్తారు. టార్గెట్ శాతాలు అనేవి మీరు నిజంగా అమ్మగలిగే, కొనగలిగే వాటిమీద పెట్టుకోవాలి. అక్కకి పెళ్లినాటి నగలున్నాయి, షాద్‌నగర్ దగ్గర ఒక ప్లాటు ఉంది. నగలు అమ్మే ఉద్దేశం ఆమెకి ఏ రోజూ లేదు, ప్లాటుకి ఇవాళ ఇంత ధర అని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. అవి రెండూ షీట్‌లో పెడితే "బంగారం ముప్పై శాతం ఉంది, అమ్మాలి" అని లెక్క చెబుతుంది, మీరు అమ్మరు, దాంతో మిగతా అంకెలన్నీ పనికిరాకుండా పోతాయి. అలాగే ఆర్నెల్ల ఖర్చులకని పక్కన పెట్టుకున్న ఎఫ్‌డీని కూడా ఇందులో కలపొద్దు, దాని పని వేరు.

వాళ్ళ విషయంలో చివరికి మిగిలినవి మూడు: ఒక నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్, ఒక డెట్ ఫండ్, ఒక గోల్డ్ ఈటీఎఫ్. టార్గెట్ 60, 30, 10 శాతాలు. మూడేళ్ల క్రితం 12,00,000 రూపాయలు ఒకేసారి పెట్టారు, అంటే ఈక్విటీలో 7,20,000, డెట్‌లో 3,60,000, బంగారంలో 1,20,000. ఆ తర్వాత ముట్టుకోలేదు.

ఈ మూడేళ్లలో ఈక్విటీ 55 శాతం పెరిగింది, డెట్ 20 శాతం, బంగారం 80 శాతం. (మీకు లెక్క తేలిగ్గా అందాలని వాళ్ళ అంకెల్ని కొంచెం గుండ్రంగా చేశాను.) ఇప్పుడు విలువలు ఇలా ఉన్నాయి:

| | ఇప్పటి విలువ | ఇప్పటి వాటా | టార్గెట్ |
|---|---|---|---|
| ఈక్విటీ | 11,16,000 | 63.27% | 60% |
| డెట్ | 4,32,000 | 24.49% | 30% |
| బంగారం | 2,16,000 | 12.24% | 10% |
| మొత్తం | 17,64,000 | 100% | 100% |

విలువలు రాసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. మూడింటికీ ఒకే రోజు ధర ఉండాలి. ఫండ్ యాప్‌లో నిన్న రాత్రి వచ్చిన ఎన్ఏవీ కనిపిస్తుంది, డీమ్యాట్ యాప్‌లో ఈటీఎఫ్‌కి ఈ నిమిషం ధర కనిపిస్తుంది. అందుకే నేను రాత్రి పదకొండు దాటాక గానీ, సెలవు రోజున గానీ రాసుకుంటాను, అప్పుడు అన్నీ ఒకే రోజు ముగింపు ధరలు అయి ఉంటాయి.

ఇప్పుడు ముట్టుకోవాలా, వద్దా

వాటా ప్రతి నెలా కొంచెం అటూ ఇటూ అవుతూనే ఉంటుంది, అలా కదిలినప్పుడల్లా అమ్మితే పన్నులకీ ఛార్జీలకీ పోవడం తప్ప ఏమీ మిగలదు. కాబట్టి ఒక హద్దు పెట్టుకోవాలి. నేను వాడేది ఇది: పెద్ద వాటాలైతే టార్గెట్ నుంచి 5 పాయింట్లు జరిగితే, చిన్న వాటాలైతే టార్గెట్‌లో నాలుగో వంతు జరిగితే, అప్పుడు చెయ్యాలి. బంగారానికి 10 శాతం టార్గెట్ కాబట్టి దాని హద్దు రెండున్నర పాయింట్లు, అంటే 7.5 నుంచి 12.5 వరకు వదిలెయ్యొచ్చు.

పట్టిక చూడండి. బావకి కళ్ళకి కనిపించింది ఈక్విటీ, కానీ అది 3.27 పాయింట్లే జరిగింది, హద్దు లోపలే ఉంది. 80 శాతం పెరిగిన బంగారం కూడా 2.24 దగ్గరే ఆగింది. హద్దు దాటింది డెట్ ఒక్కటే, 5.51 పాయింట్లు కిందకి పోయింది, అది కూడా నష్టపోయి కాదు, మూడేళ్లలో 20 శాతం పెరిగి కూడా. మిగతా రెండూ దానికంటే వేగంగా పెరిగాయి, అందుకే దాని వాటా తగ్గింది. ఒక్కటి హద్దు దాటినా మూడింటినీ టార్గెట్‌కి తెచ్చెయ్యడమే సులువు, ఎలాగూ డెట్‌కి కావాల్సిన డబ్బు ఆ రెండింట్లోంచే రావాలి కదా.

అసలు లెక్క

ఒక్కో దానికీ చేయాల్సింది ఇంతే: ఇప్పటి మొత్తాన్ని టార్గెట్ శాతంతో గుణించండి, అందులోంచి దాని ఇప్పటి విలువ తీసెయ్యండి. ప్లస్ వస్తే కొనాలి, మైనస్ వస్తే అమ్మాలి.

ఈక్విటీకి 17,64,000లో 60 శాతం అంటే 10,58,400, ఉన్నది 11,16,000, కాబట్టి 57,600 అమ్మాలి. డెట్‌కి 30 శాతం అంటే 5,29,200, ఉన్నది 4,32,000, కాబట్టి 97,200 కొనాలి. బంగారానికి 10 శాతం 1,76,400, ఉన్నది 2,16,000, కాబట్టి 39,600 అమ్మాలి. అమ్మేవి రెండూ కూడితే 97,200, కొనేది కూడా 97,200. ఈ రెండూ రూపాయితో సహా సరిపోవాలి, పోకపోతే ఎక్కడో తప్పు ఉన్నట్టే, చాలాసార్లు టార్గెట్ శాతాలు కలిపితే 100 రాకపోవడమే కారణం.

షీట్‌లో అయితే B నిలువు వరసలో విలువలు, C లో టార్గెట్లు పెట్టి, D2 లో ఈ ఫార్ములా రాసి కిందికి లాగండి. B6 లో కొత్తగా వేసే డబ్బు ఉంటే రాయండి, లేకపోతే సున్నా. దాని ఉపయోగం కాసేపట్లో వస్తుంది.

```
D2: =(SUM(B$2:B$4)+B$6)*C2-B2
C5: =SUM(C2:C4)
D5: =SUM(D2:D4)
```

C5 లో 100% రావాలి, D5 లో B6 లో ఉన్న అంకే రావాలి. డాలర్ గుర్తులు మర్చిపోతే కిందికి లాగినప్పుడు మొత్తం మారిపోతుంది, D5 చూస్తే అది వెంటనే బయటపడుతుంది.

అక్క లెక్క, బావ లెక్క ఎక్కడ తప్పాయి

అక్క మూడు శాతం అమ్ముదామంది. మూడు శాతం దేనిలో? ఆమె మనసులో ఉన్నది ఈక్విటీ ఫండ్‌లో మూడు శాతం, అంటే 33,480. కానీ 63.27, 60 అనేవి మొత్తం పోర్ట్‌ఫోలియోలో శాతాలు, కాబట్టి ఆ 3.27 పాయింట్లని కూడా 17,64,000 మీదే వెయ్యాలి, అప్పుడే 57,600 దగ్గరికి వస్తుంది. ఫండ్ మీద వేస్తే ఎప్పుడూ తక్కువే అమ్ముతారు. డెట్ వైపు అయితే ఈ తప్పు ఇంకా పెద్దది: 5.51 శాతాన్ని డెట్‌లో ఉన్న 4,32,000 మీద వేస్తే కొనాల్సింది 23,800 అని వస్తుంది, నిజానికి కావాల్సింది దానికి నాలుగు రెట్లు. ఇంకో చిన్న విషయం, 63.27 అని గుండ్రంగా రాసుకుని గుణించినా కొన్ని పదుల రూపాయల తేడా వస్తుంది, అందుకే శాతాల తేడాతో కాకుండా పైన చెప్పినట్టు రూపాయల తేడాతోనే చెయ్యండి.

బావ లాభమంతా తీసేద్దామన్నాడు. ఈక్విటీలో లాభం 3,96,000. అది మొత్తం అమ్మేస్తే ఈక్విటీలో మిగిలేది 7,20,000, అంటే 17,64,000లో 41 శాతం కూడా లేదు. "మరి అరవై పెట్టుకున్నాం కదరా" అన్నాడు ఆయనే ఆ అంకె చూసి. ఆయన మనసులో టార్గెట్ ఇంకా పాత పన్నెండు లక్షల మీదే ఉండిపోయింది. మొత్తం పెరిగినప్పుడు అరవై శాతం అనే మాటకి విలువ కూడా పెరుగుతుంది, ఇప్పుడది పదిన్నర లక్షలు.

మరి 3,96,000 లాభం వస్తే అమ్మాల్సింది 57,600 మాత్రమే ఎందుకు? బావకి ఇది చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది, నాకు ఈ లెక్కలో బాగా నచ్చేది కూడా ఇదే. మూడూ కలిపి 12,00,000 కాస్తా 17,64,000 అయింది, అంటే పోర్ట్‌ఫోలియో మొత్తంగా 47 శాతం పెరిగింది. ఏదైనా సరిగ్గా 47 శాతమే పెరిగి ఉంటే దాని వాటా మారదు, ఎంత పెద్ద లాభమైనా సరే అమ్మాల్సింది సున్నా. ఈక్విటీ 55 పెరిగింది, సగటు కంటే 8 ఎక్కువ. 7,20,000లో 8 శాతం ఎంత? 57,600. బంగారం 80 పెరిగింది, సగటు కంటే 33 ఎక్కువ, 1,20,000లో 33 శాతం 39,600. డెట్ 20 పెరిగింది, సగటు కంటే 27 తక్కువ, 3,60,000లో 27 శాతం 97,200. మూడూ అచ్చంగా పై లెక్కతో కలిశాయి.

ఇది రెండో తనిఖీగా బాగా పనికొస్తుంది, కానీ ఒక షరతు ఉంది. మొదట సరిగ్గా టార్గెట్ ప్రకారమే పెట్టి, మధ్యలో డబ్బు వెయ్యకుండా, తియ్యకుండా ఉంటేనే కలుస్తుంది. సిప్‌లు నడుస్తుంటే కలవదు, అప్పుడు మొదటి పద్ధతి ఒక్కటే నమ్మండి, దానికి పాత చరిత్ర ఏమీ అక్కర్లేదు, ఇవాళ్టి విలువలు చాలు.

రూపాయలు యూనిట్లుగా మారేటప్పుడు

ఫండ్ యూనిట్లు మూడు దశాంశ స్థానాల వరకు అమ్మొచ్చు. వాళ్ళ దగ్గర 6,000 యూనిట్లున్నాయి, కొన్నప్పుడు ఎన్ఏవీ 120, ఇప్పుడు 186. 57,600ని 186తో భాగిస్తే 309.677 యూనిట్లు. అయితే ఫండ్ దగ్గర రూపాయల్లో కూడా అడగొచ్చు, నేను ఎప్పుడూ రూపాయల్లోనే పెడతాను, డెట్ వైపు ఎంత కొనాలో ముందే తెలిసి ఉంటుంది కాబట్టి.

ఈటీఎఫ్‌కి ఆ వెసులుబాటు లేదు, మొత్తం యూనిట్లే అమ్మాలి. వాళ్ళ దగ్గర 2,500 యూనిట్లు, కొన్న ధర 48, ఇప్పుడు 86.40. 39,600ని 86.40తో భాగిస్తే 458.33 వస్తుంది. 458 అమ్మితే 39,571.20 చేతికొస్తుంది, 28.80 తక్కువ. ఆ ఇరవై ఎనిమిది రూపాయలు డెట్ కొనుగోలులో తగ్గించుకోండి, అంతే.

ఈటీఎఫ్ అమ్మేముందు ఆ ఫండ్ సంస్థ సైటులో ఐ-ఎన్ఏవీ చూడండి, అంటే ఆ క్షణంలో లోపలున్న బంగారం విలువ. కొన్ని ఈటీఎఫ్‌లలో అమ్మకాలు కొనుగోళ్లు పలచగా ఉంటాయి, మార్కెట్ ఆర్డర్ పెడితే అసలు విలువ కంటే ఒకటి రెండు శాతం తక్కువకి పోయే ప్రమాదం ఉంది. లిమిట్ ఆర్డర్ పెట్టండి, ఉదయం మార్కెట్ తెరిచిన మొదటి పావుగంట వదిలెయ్యండి.

పన్ను ఎంత, అది ఎక్కడినుంచి కట్టాలి

ఇప్పుడున్న నియమాల ప్రకారం ఈక్విటీ ఫండ్‌ని 12 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, కానీ ఒక ఆర్థిక సంవత్సరంలో మొదటి 1,25,000 లాభానికి పన్ను లేదు. 12 నెలల లోపు అమ్మితే 20 శాతం. ఈ రేట్లు 2024 జూలై 23 నుంచి అమల్లోకి వచ్చాయి. పన్ను పడేది అమ్మిన డబ్బు మొత్తం మీద కాదు, అందులో లాభం మీదే. 309.677 యూనిట్ల మీద ఒక్కోదానికి 66 రూపాయల లాభం, మొత్తం దాదాపు 20,439. అది లక్షా పాతికవేలకి చాలా లోపలే ఉంది, కాబట్టి ఆ ఏడాది వేరే ఈక్విటీ లాభాలు తీసుకోకపోతే సున్నా.

బంగారానికి ఆ లక్షా పాతికవేల మినహాయింపు వర్తించదు, ఇక్కడే చాలామంది పొరపడతారు. 12 నెలలు దాటిన గోల్డ్ ఈటీఎఫ్ మీద లాభంలో 12.5 శాతం, మొదటి రూపాయి నుంచే. 458 యూనిట్ల మీద ఒక్కోదానికి 38.40 లాభం, మొత్తం 17,587.20, పన్ను 2,198.40, దానిమీద 4 శాతం సెస్ కలిపితే సుమారు 2,286.

ఈ 2,286ని జీతంలోంచి కట్టేస్తే పై లెక్కేదీ మారదు. పోర్ట్‌ఫోలియోలోంచే కట్టాలంటే దాన్ని ముందే మొత్తంలోంచి తీసేసి మళ్ళీ చెయ్యాలి: 17,64,000 కాస్తా 17,61,714 అవుతుంది, ఈక్విటీ అమ్మకం 58,971.60, బంగారం 39,828.60, డెట్ కొనుగోలు 96,514.20. అమ్మినవాటికీ కొన్నదానికీ తేడా సరిగ్గా 2,286 వచ్చింది, అదే పన్ను కోసం పక్కన పెట్టేది. బంగారం కొంచెం ఎక్కువ అమ్మాం కాబట్టి పన్ను ఇంకో పది పదిహేను రూపాయలు పెరుగుతుంది, దానికోసం మళ్ళీ తిప్పక్కర్లేదు, ఒక్కసారి తిప్పితే చాలు.

సిప్‌లో కొన్నవాళ్ళకి ఒక మాట. ఒకే ఫోలియోలో ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడైనట్టు లెక్క. పాతవి కాబట్టి సాధారణంగా 12 నెలల గొడవా, ఎగ్జిట్ లోడూ ఉండవు, కానీ వాటి కొన్న ధర తక్కువ, అందుకని లాభం మీరు సగటు ధరతో వేసుకున్న అంచనా కంటే ఎక్కువ కనిపిస్తుంది. యాప్‌లో చూపించే సగటుతో పన్ను వెయ్యొద్దు, క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. పన్ను ఆదా కోసం తీసుకున్న ఈఎల్ఎస్ఎస్ యూనిట్లకి మూడేళ్ల లాక్ ఉంటుంది, అమ్మేందుకు లెక్కేసుకునే ముందు ఏవి విడుదలయ్యాయో చూసుకోండి.

మిగతా ఖర్చులు చిన్నవి. ఈక్విటీ ఫండ్ అమ్మితే ఎస్‌టీటీ 0.001 శాతం, అంటే ఇక్కడ అర్ధరూపాయి పైన. డెట్ ఫండ్ కొంటే స్టాంప్ డ్యూటీ 0.005 శాతం, 97,200కి అయిదు రూపాయల లోపు. ఈటీఎఫ్ అమ్మకానికి మీ బ్రోకర్ వేసే ఛార్జీలు వేరు.

కొత్త డబ్బు ఉంటే అమ్మకం తగ్గుతుంది

ఇదంతా అయ్యాక అక్క నింపాదిగా, "బావకి బోనస్ అరవై వేలు వచ్చింది, అది ఖాతాలోనే ఉంది, ఏమైనా పనికొస్తుందా?" అంది. ఇది మొదటే అడగాల్సిన ప్రశ్న, నేనే అడగలేదు. మీరు మాత్రం షీట్ తెరిచేముందే అడగండి.

B6 లో 60,000 రాయగానే మొత్తం 18,24,000 అయింది, అంకెలు మారిపోయాయి. ఈక్విటీ టార్గెట్ 10,94,400, అమ్మాల్సింది 21,600 మాత్రమే. బంగారం టార్గెట్ 1,82,400, అమ్మాల్సింది 33,600. డెట్ టార్గెట్ 5,47,200, కొనాల్సింది 1,15,200. అమ్మేవి 55,200, దానికి 60,000 కలిపితే 1,15,200, సరిపోయింది. బోనస్ మొత్తం డెట్‌కే పోతుంది, అయినా ఈక్విటీ అమ్మకం 36,000 తగ్గింది, ఎందుకంటే మొత్తం 60,000 పెరిగినప్పుడు అందులో 60 శాతం ఈక్విటీ టార్గెట్‌కి చేరుతుంది.

"అయితే అసలేమీ అమ్మకుండా కొత్త డబ్బుతోనే సరిచెయ్యొచ్చుగా?" అని బావ. చెయ్యొచ్చు, ఎంత కావాలో ఇలా తెలుస్తుంది: ఒక్కోదాని ఇప్పటి విలువని దాని టార్గెట్ శాతంతో భాగించండి, వచ్చినవాటిలో పెద్దది తీసుకోండి. ఈక్విటీకి 11,16,000 ÷ 0.60 = 18,60,000. డెట్‌కి 14,40,000. బంగారానికి 2,16,000 ÷ 0.10 = 21,60,000. పెద్దది బంగారానిది, అంటే మొత్తం 21,60,000 అయితేనే ఉన్న బంగారం పది శాతం అవుతుంది, దానికి 3,96,000 కొత్తగా కావాలి. 39,600 విలువ చేసే బంగారం అమ్మడం ఇష్టం లేక నాలుగు లక్షలు తేవాలన్నమాట. చిన్న టార్గెట్ ఉన్నది ఎక్కువ పెరిగితే ఇలాగే అవుతుంది, దాన్ని కొత్త డబ్బుతో పల్చన చెయ్యడం చాలా ఖరీదు. కాబట్టి బంగారం కొంచెం అమ్మెయ్యడమే మేలని నా అభిప్రాయం, రెండువేల చిల్లర పన్ను పడినా సరే.

ఆర్డర్లు పెట్టే రోజు

అమ్మకం ముందు, కొనుగోలు తర్వాత. ఈటీఎఫ్ అమ్మిన డబ్బు మరుసటి పనిరోజున, ఈక్విటీ ఫండ్ డబ్బు సాధారణంగా రెండు పనిరోజుల తర్వాత ఖాతాలో పడుతుంది. రెండు ఫండ్లూ ఒకే సంస్థవైతే స్విచ్ అడగొచ్చు, డబ్బు మీ ఖాతాకి వచ్చి పోయే పని తప్పుతుంది, కానీ పన్నుకి అది కూడా అమ్మకమే.

ఈక్విటీ ఫండ్‌ని మధ్యాహ్నం మూడు లోపు అమ్మకానికి పెడితే ఆ రోజు ఎన్ఏవీ వస్తుంది, ఆ అంకె మీకు రాత్రికి గానీ తెలీదు. అంటే మీరు లెక్కేసిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ఈ తేడా ఎంత ఉంటుందో ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు: బోనస్ లేని మొదటి లెక్కలో ఈక్విటీ ఒక్క శాతం పడితే అమ్మాల్సింది 57,600 నుంచి 53,136కి వస్తుంది, 4,464 తేడా. ఒక్క శాతం కదలడం మార్కెట్‌కి మామూలు విషయం. కాబట్టి లెక్క రూపాయితో సహా కలవాలి గానీ, ఆ తర్వాత ఆర్డర్ పడేలోపు ధర మారిందని మళ్ళీ మళ్ళీ లెక్కేసి రద్దు చేస్తూ కూర్చోవద్దు. మూడు నాలుగు శాతం ఒక్కరోజులో కదిలితే మాత్రం షీట్ మళ్ళీ తెరవండి, హద్దు లోపలికే వచ్చేసి ఉండొచ్చు.

సోమవారం పొద్దున బావ గోల్డ్ ఈటీఎఫ్‌లో 389 యూనిట్లకి 86.40 లిమిట్ పెట్టాడు (33,600ని భాగిస్తే 388.89 వచ్చింది, ఒకటి పైకి వేసుకున్నాం), అది పదకొండు లోపే పడింది, 33,609.60 వచ్చింది. ఈక్విటీ ఫండ్‌లో 21,600 రూపాయల్లోనే అడిగాడు. రాత్రికి ఎన్ఏవీ 184.90 అని వచ్చింది, నిఫ్టీ కొంచెం పడింది, అందుకని 116.129 బదులు 116.820 యూనిట్లు పోయాయి. గురువారం డెట్ ఫండ్‌లో 1,15,200 వేశాడు, పన్ను సుమారు 1,942 జీతంలోంచే కట్టుకుంటానన్నాడు. ఆ రాత్రి అక్క షీట్ నింపి ఫొటో పంపింది, పైసలు వదిలేస్తే ఈక్విటీ 10,87,800, డెట్ 5,47,200, బంగారం 1,82,390. వాటాలు 59.9, 30.1, 10.0.